రాత్రి షిఫ్టు మనిషికి అన్నం వేళలు

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

సొసైటీ వాళ్లు ఆరోగ్యం మీద మాట్లాడమన్నప్పుడు నేను ఒక చిన్న విషయాన్నే ఎంచుకున్నాను. రాత్రంతా పనిచేసి పగలు పడుకునే మనిషి ఎప్పుడు తినాలి, ఎంత తినాలి అన్నది ఆ విషయం. నేను డాక్టరును కాను, బడిపంతులును. అయితే ఇది చాలావరకు గడియారం, లెక్కల పుస్తకం దగ్గర పెట్టుకుని తేల్చుకోగలిగిన సంగతి. మందులతో ముడిపడిన చోట మాత్రం డాక్టరు మాటే చివరి మాట.

మన వేములవాడకు పక్కనే సిరిసిల్ల ఉంది. అక్కడి సాంచాలు రాత్రీ పగలూ ఆగవు. చాలా కార్ఖానాల్లో పన్నెండు గంటల షిఫ్టు నడుస్తుంది. ఒక వారం పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా, మరుసటి వారం రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా. అటు గోదావరిఖని వైపు పోతే సింగరేణిలో ఎనిమిది గంటల చొప్పున మూడు షిఫ్టులు. మన ఊళ్లోనే లాడ్జీల్లో, బస్టాండులో, పెట్రోలు బంకుల్లో, లారీల మీద రాత్రి మేల్కొనేవాళ్లు ఎంతోమంది ఉన్నారు. నేను సాంచాల కార్మికుడినే ఉదాహరణగా తీసుకుంటాను. అతనికి వారం వారం వేళ మారుతుంది కాబట్టి అందరికంటే చిక్కు లెక్క అతనిదే. అతని లెక్క తేలితే మిగిలినవాళ్లది సులువు.

ముందుగా, వేళ ఎందుకు ముఖ్యమో చెప్పుకుందాం. అన్నం పగలు తిన్నా రాత్రి తిన్నా అన్నమే కదా అని మనకు అనిపిస్తుంది. కడుపుకు అలా కాదు. మన ఒంట్లో ఒక గడియారం ఉంది. దాని పనితీరును కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. మెదడులోని పెద్ద గడియారం వెలుతురును చూసి నడుస్తుంది. కాలేయానికి, క్లోమానికి, పేగులకు వాటి చిన్న గడియారాలు వాటికి ఉన్నాయి. అవి చాలావరకు మనం తినే వేళను చూసి నడుస్తాయి. చీకటి పడ్డాక ఒంట్లో మెలటోనిన్ అనే హార్మోను పెరుగుతుంది. అది పెరిగినప్పుడు క్లోమం ఇన్సులిన్‌ను పొదుపుగా వదులుతుంది. అందుకే మధ్యాహ్నం తిన్న పళ్లెం అన్నమే రాత్రి రెండు గంటలకు తింటే, రక్తంలో చక్కెర ఎక్కువగా లేస్తుంది, దిగడానికి ఎక్కువసేపు పడుతుంది.

దీన్ని అమెరికాలోని బోస్టన్ నగరంలో ఒక ఆసుపత్రి పరిశోధకులు పరీక్షించి 2021 చివరలో ప్రకటించారు. ఆరోగ్యంగా ఉన్న 19 మందిని రెండు వారాలు ఒకచోట ఉంచి రాత్రి షిఫ్టు మనుషుల్లా మేల్కొనేటట్టు చేశారు. కొందరికి రాత్రి కూడా భోజనం పెట్టారు, మిగిలినవారికి పగటి వేళల్లోనే పెట్టారు. రాత్రి తిన్నవారిలో రక్తంలో చక్కెర సగటున 6.4 శాతం పెరిగింది. పగలే తిన్నవారిలో ఆ పెరుగుదల కనిపించలేదు. ఇద్దరూ మేల్కొన్నది ఒకే రకంగా. తేడా అన్నం వేళలోనే ఉంది.

అది చిన్న పరీక్ష అని కూడా చెప్పాలి. వాళ్లు సాంచాల మధ్య పన్నెండు గంటలు నడిచినవాళ్లు కాదు. పన్నెండు గంటలు ఏమీ తినకుండా పనిచేయమని మన మనుషులకు చెప్పలేం. కనుక మనం తీసుకోవలసింది ఇంతే: రోజు తిండిలో ఎక్కువ భాగం వెలుతురు ఉండగా, డ్యూటీకి ముందే పడాలి. రాత్రికి కొంచెమే మిగలాలి.

ఇప్పుడు ఒక మనిషి లెక్క చూద్దాం. మా బడిలో చదివే ఒక పిల్లవాని తండ్రి. వయసు నలభై దాటింది, బరువు 60 కిలోలు, సాంచాలు నడుపుతాడు. రాత్రి షిఫ్టు వారం వచ్చిందంటే ఛాతీలో మంట, పొద్దున పడుకుంటే పదకొండుకే మెలకువ. మనిషి సన్నమే కానీ పొట్ట ముందుకు వస్తోంది. ఏం తింటున్నాడో, ఎన్ని గంటలకు తింటున్నాడో ఒక వారం నోటుబుక్కులో రాయమన్నాను. కొడుకే రాసి తెచ్చాడు.

సాయంత్రం ఏడుకు అన్నం, పప్పు, కూర. కొలిస్తే 150 గ్రాముల బియ్యం అన్నం. అన్నీ కలిపి సుమారు 775 కేలరీలు. రాత్రి పన్నెండుకు కార్ఖానా బయట బండి దగ్గర నాలుగు మిర్చీలు, ఒక చాయ్, సుమారు 470. మూడు గంటలకు టిఫిన్ డబ్బాలో తెచ్చుకున్న అన్నం, కూర, సుమారు 585. మధ్యలో, తెల్లవారుజామున ఇంకో మూడు చాయ్‌లు, చక్కెర బాగా వేసినవి, 210. పొద్దున ఎనిమిదిన్నరకు ఇంట్లో ఒక ప్లేటు ఉప్మా, చాయ్, 370. ఆ తర్వాత పడక. మధ్యాహ్నం రెండు గంటలకు ఆకలి లేకుండానే కొంచెం అన్నం, తొక్కు, 300. మొత్తం 2,710 కేలరీలు.

ఇతనికి ఎంత కావాలి? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 65 కిలోల మగమనిషికి, మధ్యరకం శ్రమ చేసేవాడికి, రోజుకు 2,710 కేలరీలు అని 2020లో లెక్క ఇచ్చింది. 60 కిలోలకు అది దాదాపు 2,500 అవుతుంది. అంటే ఇతను తింటున్నది రెండు వందలే ఎక్కువ. తిండిపోతు కాడు. కానీ రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది మధ్య తిన్నవి కూడండి. 470, 585, 210 కలిస్తే 1,265. రోజు మొత్తంలో దాదాపు సగం. కడుపు నెమ్మదిగా నడిచే వేళలో సగం తిండి పడుతోంది. అందులో నూనెలో వేగినదీ చక్కెరా ఎక్కువ. వెలుతురులో చేసే మధ్యాహ్న భోజనం అన్నింటికంటే చిన్నదైపోయింది.

ఛాతీలో మంటకు కారణం కూడా ఇందులోనే ఉంది. నూనె పదార్థం కడుపులోంచి కిందికి దిగడానికి ఎక్కువసేపు పడుతుంది. మూడు గంటల అన్నం దాని మీద పడుతుంది. పొద్దున ఉప్మా తిని అరగంటలో పడుకుంటే ఆమ్లం పైకి వస్తుంది. ఇక తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు ఒంటి వేడి బాగా తగ్గి నిద్ర ముంచుకొచ్చే సమయం. సరిగ్గా అప్పుడే కడుపునిండా అన్నం తింటే కళ్లు మూతలు పడతాయి. సాంచా దగ్గర కళ్లు మూతలు పడితే తెగిన పోగు కనబడదు, బట్ట పాడవుతుంది, చేతికి దెబ్బ తగలవచ్చు. ఆ నిద్ర పోగొట్టుకోవడానికి అయిదు గంటలకు చాయ్ తాగుతాడు. చాయ్‌లోని కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు అయిదు గంటలు పడుతుంది. అయిదు గంటలకు తాగిన చాయ్ పది గంటలకు కూడా ఒంట్లో సగం ఉంటుంది. పదకొండుకే మెలకువ రావడంలో దానికీ పాలు ఉంది.

ఇప్పుడు ఇదే మనిషికి, ఇదే ఇంటి సరుకులతో వేళలు మార్చాం. కొత్త వంటకం ఏదీ లేదు.

మధ్యాహ్నం రెండున్నరకు, నిద్ర లేచిన అరగంటకు, రోజులో మొదటి పెద్ద భోజనం. 130 గ్రాముల బియ్యం అన్నం, గట్టి పప్పు, ఒక కూర, ఒక గ్లాసు మజ్జిగ. సుమారు 800 కేలరీలు. పప్పు నీళ్లలా కాకుండా గట్టిగా ఉండాలి. ఆకలిని ఎక్కువసేపు ఆపేది పప్పు, గుడ్డు, మాంసంలోని ప్రొటీనే.

సాయంత్రం ఆరూముప్పావుకు, డ్యూటీకి గంట ముందు, రెండో పెద్ద భోజనం. మూడు జొన్నరొట్టెలు, కూర, ఒక కోడిగుడ్డు. లేదా వారానికి ఒకటి రెండుసార్లు కోడికూర. సుమారు 850. అన్నం బదులు రొట్టె పెట్టడానికి కారణం ఉంది. జొన్నరొట్టె మెల్లగా అరుగుతుంది, అర్ధరాత్రి దాకా నిలబడుతుంది. రొట్టె అలవాటు లేనివాళ్లు అన్నమే తినవచ్చు, కూర, పప్పు పాళ్లు పెంచుకుంటే చాలు.

రాత్రి పదకొండున్నర, పన్నెండు మధ్య చిన్న డబ్బా. ఒక కప్పు శనగ గుడాలు లేదా పెసర గుడాలు, మజ్జిగ. సుమారు 200. చాయ్‌లు రెండే, చక్కెర సగం వేసినవి, కలిపి 100. రెండో చాయ్ రాత్రి రెండు గంటలు దాటకూడదు. నాలుగు గంటలకు ఆకలి వేస్తే ఒక అరటిపండు, 100. వేయకపోతే అది కూడా అక్కరలేదు, నీళ్లు చాలు.

పొద్దున ఎనిమిదిన్నరకు చిన్న భోజనం. రెండు చపాతీలు, కూర, ఒక చిన్న గ్లాసు పాలు, సుమారు 400. ఇది పూర్తిగా మానేయమని కొందరు సలహా ఇస్తారు. మానేస్తే ఆకలికి పదకొండుకే లేస్తాడు. కడుపు నిండా తింటే మంట వస్తుంది. కనుక సగం కడుపుకు తిని, నలభై నిమిషాలు, వీలైతే గంట ఆగి పడుకోవాలి.

కూడితే 2,450 అవుతుంది. అతనికి కావలసినదానికి దగ్గరే. రాత్రి పన్నెండు గంటల్లో పడేది 400, అంటే ఆరో వంతు. అంతకుముందు సగం, ఇప్పుడు ఆరో వంతు. తిండి పెద్దగా తగ్గలేదు. డబ్బాలోని అన్నం మధ్యాహ్నపు పళ్లెంలోకి మారింది, మిర్చీల స్థానంలో గుడాలు వచ్చాయి.

ఇందులో ఇంటామె పని పెరుగుతుందా అని ఒక అక్క అడిగారు. సరైన ప్రశ్నే. వంట రెండుసార్లే. మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత ఒకటి, సాయంత్రం అయిదున్నరకు ఒకటి. పొద్దుటి చపాతీకి రాత్రి కూర సరిపోతుంది. పొద్దున శనగలు నానబెడితే సాయంత్రం వంటతో పాటు ఉడుకుతాయి. ఇంకో సంగతి, ఆరూముప్పావు భోజనానికి పిల్లలు బడి నుంచి వచ్చి ఉంటారు. రాత్రి షిఫ్టు వారంలో తండ్రీ పిల్లలూ ఒకచోట కూర్చుని తినే అవకాశం అదొక్కటే.

ఇక వారం వారం షిఫ్టు మారే చిక్కు. చాలామంది రాత్రి వారానికి ఒక తిండి పద్ధతి, పగటి వారానికి ఇంకో పద్ధతి పెట్టుకుంటారు. కడుపు ఒకదానికి అలవాటు పడేలోగా వారం అయిపోతుంది. దానికి బదులు రెండు భోజనాలను రెండు వారాల్లోనూ కదలకుండా ఉంచాలి. మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో ఒకటి, సాయంత్రం ఏడు, ఎనిమిదిన్నర మధ్య ఒకటి. పగటి షిఫ్టులో మధ్యాహ్న భోజనం డబ్బాలో కార్ఖానాకు పోతుంది, రాత్రి భోజనం ఇంటికి రాగానే. రాత్రి షిఫ్టులో రెండూ ఇంట్లోనే. మారేది మూడో చిన్న భోజనం ఒక్కటే. పగటి వారంలో అది పొద్దున ఏడున్నరకు, రాత్రి వారంలో పొద్దున ఎనిమిదిన్నరకు, అంటే అదీ గంట తేడానే. పందిరికి గుంజల్లాగా ఈ రెండు భోజనాలు నిలబడితే నిద్ర అటూ ఇటూ అయినా కడుపు తన వేళ మరిచిపోదు.

రాత్రి వారం ముగిసిన రోజు పొద్దున వచ్చి సాయంత్రం దాకా పడుకోవద్దు. మధ్యాహ్నం పన్నెండున్నర, ఒంటిగంటకు లేవాలి. రెండు గంటలకు భోజనం, ఏడున్నరకు రెండోది, పది గంటలకు పడక. రాత్రి వారం మొదలయ్యే రోజున మధ్యాహ్నం భోజనం తర్వాత గంటన్నర పడుకుని, సాయంత్రం తిని డ్యూటీకి పోవాలి.

ఇది పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? తెల్లవారుజామున మంట, తేన్పులు తగ్గుతాయి. పొద్దున పడుకుంటే నాలుగున్నర, అయిదు గంటలు ఆగకుండా నిద్ర పడుతుంది. మధ్యాహ్నం లేచాక ఆకలి ఉంటుంది. ఆ చివరి గుర్తే నమ్మదగినది. లేచాక ఆకలి లేదంటే రాత్రి ఇంకా ఎక్కువే తింటున్నాడని అర్థం. నెలకొకసారి నడుము కొలవాలి. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే, మనిషి సన్నగా కనబడినా జాగ్రత్త పడాలి. ఒకవేళ రాత్రి తల తిరిగినా, కాళ్లు వణికినా, వారం వారం బరువు తగ్గుతున్నా, ఈ లెక్క అతనికి తక్కువైందని అర్థం. సాయంత్రం భోజనం పెంచాలి, రాత్రిది కాదు. మంట నెలయినా తగ్గకపోతే, మింగడం కష్టమైతే, నల్లటి విరేచనం అయితే అది తిండి వేళల సంగతి కాదు, వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి.

దాతలు ప్రత్యేకంగా వినవలసిన రెండు విషయాలు ఇప్పుడు చెబుతాను.

మొదటిది షుగర్ పరీక్షల గురించి. ఇలాంటి సొసైటీలు పెట్టే ఉచిత క్యాంపులు పొద్దున పూట ఉంటాయి. పరగడుపున రమ్మంటారు. రాత్రి షిఫ్టు మనిషి డ్యూటీ దిగి నేరుగా వస్తాడు. ఇంట్లో ఏమీ తినలేదు కాబట్టి పరగడుపే అంటాడు. కానీ మూడు గంటలకు అన్నం, అయిదుకు చాయ్ అయ్యాయి. పరగడుపు అంటే కనీసం ఎనిమిది గంటలు నీళ్లు తప్ప ఏమీ తీసుకోకుండా ఉండడం. అతని రిపోర్టులో చక్కెర ఎక్కువ కనబడుతుంది, లేని జబ్బు ఉందని భయపడతాడు. లేదంటే, రాత్రి తిన్నాను కాబట్టి అలా వచ్చిందిలే అని ఉన్న జబ్బును కొట్టిపారేస్తాడు. రెండూ నష్టమే. ఇలాంటివారికి హెచ్‌బిఎ1సి పరీక్ష నయం. అది రెండు మూడు నెలల చక్కెర సగటును చెబుతుంది, ఏ వేళకైనా చేయించుకోవచ్చు, పరగడుపు అక్కరలేదు. రక్తహీనత ఉంటే మాత్రం ఆ లెక్క తప్పవచ్చు, అది డాక్టరుకు చెప్పాలి. దీని ఖర్చు మామూలు పరీక్ష కంటే ఎక్కువ. క్యాంపుకు వచ్చిన అందరికీ అక్కరలేదు. రిజిస్టరులో "రాత్రి డ్యూటీనా? ఆఖరున ఎన్ని గంటలకు తిన్నారు?" అని రెండు గడులు పెడితే, ఎవరికి అవసరమో అక్కడే తేలిపోతుంది.

రెండోది షుగర్ మాత్రల గురించి. ఇది ప్రాణం మీదికి వచ్చే సంగతి. గ్లిమిపిరైడ్ వంటి కొన్ని మాత్రలు, అలాగే ఇన్సులిన్, తిన్నా తినకపోయినా చక్కెరను దించుతాయి. చీటీ మీద "పొద్దున టిఫిన్‌కు ముందు" అని ఉంటుంది. పగటి మనిషికి అది సరైనదే. మాత్ర వేసుకుని తిని పనిలోకి పోతాడు, మధ్యాహ్నం మళ్లీ తింటాడు. రాత్రి షిఫ్టు మనిషి పొద్దున ఎనిమిదిన్నరకు ఆ మాత్ర వేసుకుని, కొంచెం తిని పడుకుంటాడు. మళ్లీ తినేది మధ్యాహ్నం రెండున్నరకు. ఆ ఆరు గంటల నిద్రలో చక్కెర బాగా పడిపోవచ్చు. మెలకువగా ఉంటే వణుకు, చెమట, గుండెదడ తెలుస్తాయి. నిద్రలో తెలియవు. లేచేసరికి బట్టలు చెమటతో తడిసి ఉండడం, తలనొప్పి, లేపినా సరిగా లేవకపోవడం, తికమకగా మాట్లాడడం, ఇవి ఇంట్లోవాళ్లు గమనించవలసిన గుర్తులు. రాత్రంతా పనిచేసి అలసిపోయాడులే అనుకుని వదిలేసే ప్రమాదం ఉంది.

అలా కనబడితే, మింగగలిగే స్థితిలో ఉంటే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంట చూడాలి. తగ్గకపోతే మళ్లీ అంతే ఇవ్వాలి. తేరుకున్నాక అన్నమో రొట్టో పెట్టాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. నేను చెప్పిన వేళల పట్టిక షుగర్ మాత్రలు వాడేవారు సొంతంగా మొదలుపెట్టవద్దు. భోజనం వేళ మారితే మాత్ర వేళ, మోతాదు కూడా మారాలి. నోటుబుక్కు తీసుకుపోయి డాక్టరుకు చూపించి, "అయ్యా, నేను ఈ వేళకు పడుకుంటాను, ఈ వేళకు తింటాను" అని చెప్పాలి. డాక్టరు అడగకపోయినా చెప్పాలి.

రంజాన్ నెల గురించి కూడా ఒక మాట. ఆ నెలలో రోజా ఉండే రాత్రి షిఫ్టు మనిషికి తిండి అంతా చీకటి పడ్డాకే, తప్పదు. అక్కడ మనం చేయగలిగింది రాత్రి లోపల పంపకం సరిచేయడమే. మార్చి నెలలో మన దగ్గర ఇఫ్తార్ సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో వస్తుంది. ఎనిమిదికి డ్యూటీ ఉన్నవారు ఖర్జూరం, నీళ్లతో రోజా విప్పి, నమాజ్ తర్వాత పెద్ద భోజనాన్ని అప్పుడే ముగించాలి. అర్ధరాత్రి పండ్లు లేదా గుడాలు. సహ్రీలో రొట్టె, పప్పు, గుడ్డు, పెరుగు. పెద్ద భోజనాన్ని రాత్రి రెండింటికి వాయిదా వేసి, మళ్లీ సహ్రీకి తినేవారికే మంట, బరువు రెండూ పెరుగుతాయి. నీళ్లు సహ్రీ చివరలో ఒకేసారి తాగితే నిలవవు, గంటకొక గ్లాసు చొప్పున రాత్రంతా తాగాలి. సాంచాల కార్ఖానా వేడిలో ఇది మరీ ముఖ్యం. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు రంజాన్‌కు నెల ముందే డాక్టరును కలవాలి. రోగికి రోజా విషయంలో ఉన్న సడలింపు గురించి ఆలిమ్‌లను అడగడానికి మొహమాటపడవద్దు.

దాతల చేతిలో ఉన్న పని దీన్నిబట్టే తేలుతుంది. రాత్రి పనివాళ్లకు ఏదైనా పంచాలనుకుంటే, అర్ధరాత్రి కార్ఖానా దగ్గర సమోసాలు, చాయ్ ఇవ్వడం మంచి మనసుతో చేసినా మేలు చేయదు. అదే డబ్బుతో గుడాలు, మజ్జిగ ఇవ్వవచ్చు. రేషన్ కిట్టు ఇచ్చే ఇంట్లో రాత్రి షిఫ్టు మనిషి ఉంటే చక్కెర, మైదా కొంచెం తగ్గించి రెండు కిలోల శనగలు, రెండు కిలోల పెసలు, అయిదు కిలోల జొన్నపిండి కలపవచ్చు. నెలంతా రోజుకు నలభై గ్రాముల శనగలు నానబెట్టినా ఒక మనిషికి కిలోంబావు కంటే ఎక్కువ పట్టదు. మిగిలినవి ఇంట్లో పిల్లలు తింటారు.

తిండితో కానిది కూడా చెప్పి ముగిస్తాను. ఎంత బాగా వేళలు కుదుర్చుకున్నా రాత్రి పన్నెండు గంటలు మేల్కొనడం వల్ల ఒంటికి జరిగే నష్టం పూర్తిగా పోదు, తగ్గుతుందంతే. ఒకే గది ఇంట్లో పట్టపగలు నిద్రపోవడానికి చీకటి కావాలి, చప్పుడు లేకపోవడం కావాలి. కిటికీకి మందపాటి నల్లగుడ్డ కట్టాలి. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఆ ఇంటి తలుపు ఎవరూ కొట్టకూడదు. మన సొసైటీ కార్యకర్తలు సర్వేకు, చందాకు, కిట్టు ఇవ్వడానికి వెళ్లేది కూడా సరిగ్గా ఆ వేళకే. రాత్రి షిఫ్టు ఇళ్లకు ఇకపై మూడు గంటల తర్వాత వెళ్దాం. అప్పటికి ఆయన లేచి, అన్నం తిని, మీతో మాట్లాడే ఓపికతో ఉంటాడు.